స్కాన్ మన ఊళ్లో.. నివేదిక పొరుగు నగరంలో!
టెలీరేడియాలజీ పనిచేసే తీరు, నివేదికకు పట్టే సమయం, అత్యవసరంలో దాని పరిమితులు

కర్నూలు, కడప: అర్ధరాత్రి వేళ తలకు దెబ్బ తగిలిన వ్యక్తిని పట్టణ ఆసుపత్రికి తీసుకొస్తారు. సీటీ స్కాన్ యంత్రం ఉంది. దానిని నడిపే సాంకేతిక నిపుణుడూ ఉన్నాడు. లేనిదల్లా ఆ చిత్రాలు చూసి నిర్ధారణ చెప్పే రేడియాలజిస్టే. కర్నూలు, కడప వంటి జిల్లా కేంద్రాలను దాటి లోపలి పట్టణాలకు వెళ్లేకొద్దీ కనిపించే పరిస్థితి ఇది. యంత్రాన్ని డబ్బు పెట్టి కొనవచ్చు గానీ, రాత్రింబవళ్లు ఊళ్లోనే ఉండే నిపుణుడిని కొనుక్కోలేం. ఈ లోటును పూడ్చడానికి వచ్చినదే టెలీరేడియాలజీ. చిత్రం ఇక్కడ తీస్తారు. హైదరాబాదులోనో, బెంగళూరులోనో కూర్చున్న నిపుణుడు దానిని కంప్యూటరు తెరపై పరిశీలించి నివేదిక పంపుతారు.

అయితే నివేదిక అరగంటలో వచ్చినంత మాత్రాన చికిత్స కూడా అరగంటలో అందుతుందని అనుకోవడం పొరపాటు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం తెలియక రోగి బంధువులు విలువైన సమయాన్ని కోల్పోయే ప్రమాదం ఉంది.

అరగొండ నుంచి మొదలు

ఈ విధానం రాయలసీమకు కొత్తది కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో సంస్థ నెలకొల్పిన గ్రామీణ ఆసుపత్రిని ఇస్రో ఉపగ్రహ సాయంతో నగరాల్లోని పెద్దాసుపత్రులతో అనుసంధానించారు. 2000 మార్చి 24న అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాదు పర్యటనలో దీనిని లాంఛనంగా ప్రారంభించారు. పల్లెలో తీసిన స్కాన్‌ను నగరంలోని వైద్యుడు చూడవచ్చని ఆ రోజుల్లోనే రుజువైంది. ఆ తర్వాత 2002లో బెంగళూరు కేంద్రంగా డాక్టర్ అర్జున్ కల్యాణ్‌పూర్, డాక్టర్ సునీతా మహేశ్వరి టెలీరేడియాలజీ సొల్యూషన్స్ సంస్థను స్థాపించారు. అమెరికాలో రాత్రి అయినప్పుడు మనకు పగలు. అక్కడి ఆసుపత్రుల్లో రాత్రి తీసిన స్కాన్లను ఇక్కడి నిపుణులు పట్టపగలు మెలకువగా చూసి పంపడం ఆ సంస్థ తొలినాటి పని. విదేశాల అవసరం తీర్చిన ఈ పద్ధతి క్రమేపీ మన చిన్న పట్టణాలకూ చేరింది. 2015లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఉచిత వ్యాధి నిర్ధారణ సేవలకు మార్గదర్శకాలు విడుదల చేసినప్పుడు, రాష్ట్రాలు అనుసరించదగిన నమూనాల్లో టెలీరేడియాలజీని, జిల్లా ఆసుపత్రుల్లో సీటీ స్కాన్‌ను చేర్చింది.

చిత్రం ఎలా వెళుతుంది?

సీటీ స్కాన్ అంటే ఒకే ఫొటో కాదు. తలను పలుచని ముక్కలుగా కోసినట్లు వందలాది అడ్డచిత్రాలు తీస్తుంది. ఒక్కో చిత్రం అడ్డంగా 512, నిలువుగా 512 చుక్కలతో ఉంటుంది. దాని పరిమాణం సుమారు అర మెగాబైటు. తలకు 250 ముక్కలు తీశారనుకుంటే మొత్తం సుమారు 130 మెగాబైట్లు అవుతుంది. సెకనుకు 2 మెగాబిట్ల వేగంతో పైకి పంపే ఇంటర్నెట్టు ఉంటే ఇవన్నీ చేరడానికి తొమ్మిది నిమిషాలు పడుతుంది. అదే వేగం 10 మెగాబిట్లయితే రెండు నిమిషాల్లోపే పని పూర్తవుతుంది. వివరాలు నష్టపోకుండా ఫైళ్లను కుదించే పద్ధతి వాడితే ఈ సమయం ఇంకా తగ్గుతుంది. ఇక్కడొక మెలిక ఉంది. ఇంటర్నెట్టు కంపెనీలు ప్రచారం చేసుకునేది సాధారణంగా కిందికి దిగుమతి చేసుకునే వేగం. ఆసుపత్రికి కావలసింది పైకి పంపే వేగం.

ఈ చిత్రాలు డైకామ్ అనే అంతర్జాతీయ పద్ధతిలో ఉంటాయి. ప్రతి చిత్రంలోనూ రోగి పేరు, వయసు, గుర్తింపు సంఖ్య, స్కాన్ తీసిన తేదీ, సమయం నమోదై ఉంటాయి. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. ప్రతి చుక్క దగ్గర శరీరం ఎంత సాంద్రంగా ఉందో ఒక అంకె రూపంలో ఈ ఫైలులో దాగి ఉంటుంది. నీటికి సున్నా, గాలికి మైనస్ వెయ్యి. మెదడుకు 30 నుంచి 40, అప్పుడే కారిన రక్తానికి 60 పైచిలుకు, గట్టి ఎముకకు వెయ్యి వరకు ఉంటుంది. మెదడుకూ, రక్తానికీ మధ్య తేడా ఎంత స్వల్పమో గమనించండి. ఇన్ని వేల అంకెలను ఒకేసారి తెరపై నలుపు తెలుపుల్లో చూపితే మన కన్ను ఆ తేడాను పట్టలేదు. అందుకే రేడియాలజిస్టు తెరను ఒకసారి మెదడుకు, ఒకసారి ఎముకకు, మరోసారి రక్తానికి అనుకూలంగా సర్దుకుంటూ అవే చిత్రాలను పదేపదే చూస్తారు. పుర్రెకు ఆనుకుని పలుచగా పరచుకున్న రక్తం ఈ సర్దుబాటులోనే బయటపడుతుంది.

ఫిలింను గోడకు పెట్టి సెల్‌ఫోనుతో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపడం నివేదికకు ప్రత్యామ్నాయం కాకపోవడానికి కారణమిదే. ఫొటోలో ఆ అంకెలు ఉండవు, సర్దుబాటుకు వీలుండదు. పెద్ద రక్తస్రావం ఉందని శస్త్రచికిత్స నిపుణుడిని ముందుగా హెచ్చరించడానికి అది పనికొస్తుంది. 'ఏమీ లేదు' అని ధైర్యం చెప్పడానికి మాత్రం పనికిరాదు.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది?

టెలీరేడియాలజీ సంస్థలు ఆసుపత్రులతో చేసుకునే ఒప్పందాల్లో నివేదికకు గడువు రాసుకుంటారు. అత్యవసర స్కాన్లకు అరగంట నుంచి గంట, సాధారణ స్కాన్లకు కొన్ని గంటల నుంచి ఒక రోజు వరకు ఉండటం పరిపాటి. ఈ గడియారం ఎక్కడ మొదలవుతుందన్నదే అసలు ప్రశ్న. సంస్థ లెక్క ప్రకారం చివరి చిత్రం తమ సర్వరుకు చేరిన క్షణం నుంచి సమయం మొదలవుతుంది. ఆసుపత్రి లెక్క రోగి గుమ్మంలో అడుగుపెట్టినప్పటి నుంచి మొదలవుతుంది. రోగి శరీరం లెక్క వేరు. అది జబ్బు మొదలైన నిమిషం నుంచే నడుస్తుంది. ప్రాణాన్ని నిర్ణయించేది ఈ మూడో గడియారమే.

మొదటి గడియారం మొదలయ్యే లోపే ఆలస్యానికి కారణాలు చాలా ఉంటాయి. రాత్రివేళ టెక్నీషియన్ ఇంటి నుంచి రావలసి ఉంటుంది. కరెంటు పోయి జనరేటరుకు మారితే యంత్రాన్ని మళ్లీ సిద్ధం చేయాలి. ఏప్రిల్, మే నెలల ఎండల్లో స్కాన్ గది ఏసీ పనిచేయకపోతే యంత్రం వేడెక్కి ఆగిపోతుంది. రోడ్డు పనుల్లో ఇంటర్నెట్టు తీగ తెగితే చిత్రాలు ఆసుపత్రిలోనే నిలిచిపోతాయి. ఇవన్నీ సంస్థ గడువులో లెక్కకు రావు.

కనుక 'రిపోర్టు ఎంతసేపట్లో వస్తుంది?' అని అడగడం కన్నా 'చిత్రాలన్నీ వెళ్లాయా, అత్యవసరమని గుర్తుపెట్టి పంపారా?' అని అడగడం మేలు. అత్యవసరమని గుర్తు పెట్టకపోతే ఆ స్కాన్ వందలాది సాధారణ స్కాన్ల వరుసలో తన వంతు కోసం ఎదురుచూస్తుంది.

పక్షవాతం రాత్రి: ఒక ఉదాహరణ

సమయం ఎలా ఖర్చవుతుందో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. ఆదోని పరిసర గ్రామంలో 58 ఏళ్ల రైతుకు రాత్రి 7.30 గంటలకు భోజనం చేస్తుండగా మూతి వంకరపోయి, కుడి చేయి, కాలు పడిపోయాయి. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి పక్షవాతం వస్తే, దానిని కరిగించే ఆల్టిప్లేస్ లేదా టెనెక్టిప్లేస్ మందును సాధారణంగా నాలుగున్నర గంటల్లోపు నరంలోకి ఇవ్వాలి. అంటే ఈ రైతుకు గడువు అర్ధరాత్రి 12 గంటలు. ఎంత ముందు ఇస్తే మెదడుకు అంత మేలు. అయితే రక్తనాళం చిట్లి పక్షవాతం వచ్చి ఉంటే ఇదే మందు ప్రాణం తీస్తుంది. బయటి నుంచి చూసి ఈ రెండింటినీ కచ్చితంగా వేరు చేయలేరు. సీటీ స్కాన్ లేనిదే మందు ఇవ్వకూడదు.

108 అంబులెన్సులో రైతు రాత్రి 8.30 గంటలకు స్కాన్ సౌకర్యమున్న చిన్న ఆసుపత్రికి చేరాడు. డ్యూటీ డాక్టరు పరీక్షించి, రక్తంలో చక్కెర చూశారు. చక్కెర బాగా పడిపోయినా పక్షవాతంలాగే కనిపిస్తుంది కనుక ఇది తప్పనిసరి. 8.55 గంటలకు టెక్నీషియన్ వచ్చాడు. 9.10 గంటలకు స్కాన్ పూర్తయింది. 9.20 గంటలకు చిత్రాలన్నీ చేరాయి. 9.50 గంటలకు 'రక్తస్రావం లేదు' అని నివేదిక వచ్చింది. సంస్థ అరగంటలోనే పని పూర్తిచేసింది. ఒప్పందం ప్రకారం ఎక్కడా తప్పు లేదు. రైతు శరీరం లెక్కలో మాత్రం రెండు గంటల ఇరవై నిమిషాలు గడిచిపోయాయి.

ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. ఆ ఆసుపత్రిలోనే మందు, దానిని ఇవ్వడంలో శిక్షణ పొందిన వైద్యుడు, ఆ తర్వాత కనిపెట్టి ఉండే వసతి ఉంటే రాత్రి పది గంటల ప్రాంతంలోనే సూది పడుతుంది. గడువుకు ఇంకా రెండు గంటలు ఉంది. ఇది టెలీరేడియాలజీ సాధించిన విజయం. మందు ఇచ్చాక రోగిని నిదానంగా పెద్దాసుపత్రికి తరలించవచ్చు.

ఆ వసతి లేదనుకోండి. నివేదిక చేతికి వచ్చాక 10.05 గంటలకు బయలుదేరి, ఎమ్మిగనూరు మీదుగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని కర్నూలుకు రెండు గంటల పైచిలుకు ప్రయాణించి చేరేసరికి 12.15 అవుతుంది. గడువు దాటిపోయింది. అదే రైతును 8.45 గంటలకే, స్కాన్ కోసం ఆగకుండా, పక్షవాతపు చికిత్స ఉన్న కర్నూలు ఆసుపత్రికి ముందుగా ఫోను చేసి పంపి ఉంటే 10.55 గంటలకు చేరేవాడు. అక్కడే స్కాన్ తీసి, అక్కడే చూసి 11.40 గంటలకు మందు ఇచ్చే వీలుండేది. నివేదిక వేగంగానే వచ్చింది. కానీ ఆ నివేదికపై చేయగలిగిన పని ఏదీ లేని చోట దాని కోసం ఎదురుచూడటం వల్ల నష్టం జరిగింది.

కాబట్టి బంధువులు మొదట అడగవలసింది 'ఇక్కడ స్కాన్ ఉందా?' అని కాదు, 'గడ్డను కరిగించే మందు ఇక్కడ ఇస్తారా?' అని. రెండో ప్రశ్న వైద్యుడు అడుగుతారు: 'చివరిసారి బాగా ఉన్నట్లు ఎప్పుడు చూశారు?' నిద్ర లేచేసరికి చేయి పడిపోయి ఉంటే లేచిన సమయం లెక్కకు రాదు, బాగా ఉన్నట్లు చివరిసారి చూసిన సమయమే ప్రమాణం. ఈ ఒక్క సమాచారం నివేదిక కన్నా ముందే సిద్ధంగా ఉండాలి.

మరో మాట. గడ్డ వల్ల వచ్చిన పక్షవాతంలో తొలి గంటల్లో సీటీ స్కాన్ మామూలుగా కనిపించడం సహజం. దెబ్బతిన్న మెదడు భాగం చిత్రంలో తేలడానికి సమయం పడుతుంది. 'స్కాన్ నార్మల్' అని విని పక్షవాతం కాదనుకుని ఇంటికి తీసుకెళ్లడం ప్రమాదకరం. ఆ సమయంలో స్కాన్ చేసే పని రక్తస్రావం లేదని తేల్చడమే.

తలకు దెబ్బ తగిలితే..

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారిపై ద్విచక్ర వాహన ప్రమాదాలు తెలియనివి కావు. తలకు దెబ్బ తగిలిన వ్యక్తి కాసేపు స్పృహ తప్పి, తిరిగి లేచి మాట్లాడి, గంట రెండు గంటల్లో మళ్లీ మగతలోకి జారిపోవడం ఒక ప్రమాద సూచన. పుర్రెకూ, మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరుతున్నప్పుడు ఇలా జరుగుతుంది. ఒక కంటిపాప పెద్దదై వెలుతురుకు ముడుచుకోకపోతే మెదడు నొక్కుకుపోతోందని అర్థం. ఈ దశలో ఉన్న రోగికి నిమిషాలే మిగిలి ఉంటాయి. పెద్ద రక్తపు గడ్డ సీటీ తెరపై తెల్లగా, కటకం ఆకారంలో స్కాన్ గదిలోనే కనిపిస్తుంది. డ్యూటీ డాక్టరు దానిని చూసి, నివేదిక కోసం ఆగకుండా, న్యూరో సర్జరీ విభాగమున్న కర్నూలు సర్వజన వైద్యశాల వంటి చోటుకు ఫోను చేసి తరలింపు మొదలుపెట్టవచ్చు. నివేదిక దారిలో ఉండగా ఫోనుకు వస్తుంది.

మొదటి స్కాన్ బాగున్నా ఆ భరోసా తీసిన నిమిషం వరకే. దెబ్బ తగిలిన వెంటనే తీసిన చిత్రంలో లేని రక్తం తర్వాత చేరవచ్చు. రక్తం పలుచబడే మందులు వాడేవారిలో ఈ ముప్పు ఎక్కువ. వాంతులు ఆగకపోయినా, మగత పెరిగినా, మాట తడబడినా మళ్లీ స్కాన్ తీయాల్సిందే. దూరాన ఉన్న రేడియాలజిస్టుకు చిత్రం కనిపిస్తుంది గానీ రోగి కనిపించడు. పరిస్థితి దిగజారుతోందని గమనించగలిగేది మంచం పక్కన ఉన్నవారే.

నివేదికలో తప్పు ఎక్కడ దొర్లుతుంది?

ప్రధానంగా మూడు చోట్ల. మొదటిది, రోగి సమాచారం అందకపోవడం. కడుపునొప్పి అని ఒక్క మాట రాసి పంపిన స్కాన్‌కు, 'రెండు రోజులుగా కుడివైపు కింద నొప్పి, జ్వరం' అని రాసి పంపిన స్కాన్‌కు తేడా ఉంది. రెండో దానిలో నిపుణుడి కన్ను తిన్నగా అపెండిక్స్ దగ్గరకు వెళుతుంది. రెండోది, చిత్రాలు కొన్నే చేరడం. ఇంటర్నెట్టు మధ్యలో తెగితే 250 చిత్రాలకు 180 మాత్రమే చేరి ఉండవచ్చు. పంపిన సంఖ్య, చేరిన సంఖ్య సరిచూడటం టెక్నీషియన్ బాధ్యత. మూడోది, పేర్ల తారుమారు. రద్దీ వేళ ఒకే పేరున్న ఇద్దరి నివేదికలు మారిపోతాయి. వయసు, తేదీ, సమయం, శరీర భాగం, కుడి ఎడమలు నివేదికపై సరిగా ఉన్నాయో లేదో బంధువులే చూసుకోవచ్చు. ఎడమ కాలు విరిగిన వ్యక్తి నివేదికలో కుడి కాలు అని ఉంటే వెంటనే చెప్పాలి.

కొన్ని నివేదికలపై 'ప్రాథమిక' అని ఉంటుంది. అత్యవసరంలో ప్రాణాంతకమైన అంశాలను మాత్రమే చూసి పంపినది అది. తర్వాత తీరికగా చూసి తుది నివేదిక ఇస్తారు. రెండింటికీ తేడా వస్తే అనుబంధంగా సవరణ పంపుతారు. రోగి అప్పటికే మరో ఆసుపత్రికి వెళ్లిపోయి ఉంటే ఆ సవరణ ఎవరి చేతికీ అందదు. తుది నివేదిక వచ్చిందా అని మరుసటి రోజు మొదటి ఆసుపత్రికి ఫోను చేసి కనుక్కోవడం మరవరాదు.

దూరం నుంచి చేయలేనివి

స్కాన్‌లో రంగు మందు నరంలోకి ఎక్కించవలసి వస్తే, అది పడక ఊపిరాడని స్థితి వచ్చినప్పుడు ఆదుకునే వైద్యుడు గదిలోనే ఉండాలి. అల్ట్రాసౌండు పరీక్షలో పరికరాన్ని పట్టుకున్న చేయి ఎటు కదిలితే అటే చిత్రం కనిపిస్తుంది కాబట్టి తర్వాత పంపిన నాలుగు చిత్రాలతో దూరాన కూర్చుని నిర్ధారించడం కష్టం. స్కాన్ చూస్తూ సూది గుచ్చి చీము తీయడం వంటి పనులకు నిపుణుడు స్వయంగా రావలసిందే.

తరలించేటప్పుడు చేతిలో ఉండాల్సినవి

* స్కాన్ చిత్రాలన్నీ ఉన్న సీడీ లేదా ఆన్‌లైన్‌లో చూసే లింకు. ఫిలిం మాత్రమే ఉంటే పెద్దాసుపత్రిలో మళ్లీ స్కాన్ తీయవలసి రావచ్చు.
* నివేదిక ప్రతి. దానిపై రేడియాలజిస్టు పేరు, వైద్య మండలి రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలి.
* జబ్బు మొదలైన సమయం, స్కాన్ తీసిన సమయం రాసిన కాగితం.
* రోగి వాడుతున్న మందుల చీటీ. ముఖ్యంగా రక్తం పలుచబడే మందులు, మధుమేహం మందులు.
* చేరబోయే ఆసుపత్రిలో ఫోను తీసిన వైద్యుడి పేరు.